ల్యాప్‌టాప్ పక్కన మానిటర్ పెడితే మౌస్ ఎందుకు దారి తప్పుతుంది?

"అన్నా, గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తాను. ల్యాప్‌టాప్‌కి ఎడమ పక్కన 24 అంగుళాల మానిటర్ పెట్టించుకున్నాను. మౌస్ ఎడమకి తోస్తే ఆగిపోతోంది, కుడికి తోస్తే ఎడమ మానిటర్‌లోకి వెళ్తోంది. పైగా దాటినప్పుడల్లా జానెడు పైకి ఎగిరి కనిపిస్తోంది. మానిటర్ తేడానా, కేబుల్ తేడానా?"

రెండూ కాదు చెల్లెమ్మా. మానిటర్‌ని మీరు బల్ల మీద ఎటు పెట్టారో, ఎంత ఎత్తులో పెట్టారో విండోస్‌కి తెలిసే దారి లేదు. కొత్తగా తగిలించిన స్క్రీన్‌ని అది మామూలుగా కుడి పక్కనే ఉందనుకుంటుంది. అందుకే మీ మౌస్ అలా తిరుగుతోంది. మీరు టాలీ ఒకవైపు, జీఎస్టీ పోర్టల్ ఒకవైపు పెట్టుకుని పని చేసుకోవాలి కాబట్టి దీన్ని సరిగ్గా కుదుర్చుకుందాం.

ఇంకా ఆ దశకి రానివాళ్ల కోసం ఒక్క మాట. రెండు స్క్రీన్లలోనూ ఒకే బొమ్మ కనిపిస్తుంటే అది Duplicate. విండోస్ బటన్ నొక్కి పట్టుకుని P నొక్కండి. వచ్చే పట్టీలో Extend ఎంచుకుంటే రెండోది విడి స్క్రీన్ అవుతుంది. చెల్లెమ్మకి ఈ పని అయిపోయింది, ఆమె మౌస్ దాటుతోంది కదా.

ఇప్పుడు డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి Display settings తెరవండి. నేను విండోస్ 11లో చూపిస్తున్నాను. పైన 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తున్నాయి చూశారా? ఈ అంకెలు చూసి చాలామంది కంగారు పడతారు. 1 ఎడమవైపు ఉండాలని, 2 కుడివైపు ఉండాలని రూలేమీ లేదు. అవి గుర్తు కోసం పెట్టిన అంకెలు, అంతే. కింద Identify నొక్కండి. ఏ స్క్రీన్ ఏ నంబరో ఆ స్క్రీన్ మీదే పెద్ద అంకె వచ్చి పోతుంది. మీ మానిటర్ మీద 2 వచ్చిందనుకోండి, 2 డబ్బాని మౌస్‌తో పట్టుకుని 1కి ఎడమ పక్కకి లాగి వదిలేసి, Apply నొక్కండి. ఇది నొక్కకుండా విండో మూసేసి, మార్చినా మారలేదని ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ.

ఎడమ, కుడి గొడవ అంతటితో తీరిపోయింది. అసలు సంగతి ఆ జానెడు ఎగరడంలో ఉంది. అక్కడ కాస్త నిదానంగా చూద్దాం.

ఈ డబ్బాల సైజు మీ స్క్రీన్ అంగుళాల్లో ఎంతో చెప్పదు. స్క్రీన్‌లో ఎన్ని పిక్సెళ్లు, అంటే వెలిగే చిన్న చుక్కలు, ఉన్నాయో దాన్నిబట్టి గీసిన బొమ్మ అది. ఇప్పుడొచ్చే 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి అడ్డంగా 1920, నిలువుగా 1080. మీ 24 అంగుళాల మానిటర్ కూడా ఫుల్ హెచ్‌డీ అయితే దానికీ అంతే. అందుకే సెట్టింగ్స్‌లో రెండు డబ్బాలూ కవల పిల్లల్లా ఒకే సైజులో ఉంటాయి. బల్ల మీద చూస్తే ల్యాప్‌టాప్ స్క్రీన్ ఎత్తు 19 సెంటీమీటర్లు, మానిటర్ స్క్రీన్ ఎత్తు 30 సెంటీమీటర్లు. పైగా ల్యాప్‌టాప్ బల్లకి ఆనుకుని ఉంటుంది, మానిటర్ స్టాండ్ మీద లేచి ఉంటుంది. రెండు డబ్బాలూ సమంగా పెడితే, ల్యాప్‌టాప్ సరిగ్గా మధ్యలో ఉన్న బాణం మానిటర్‌లో కూడా సరిగ్గా మధ్యలోకే పోతుంది. ఆ మధ్య మీ కంటికి జానెడు పైన ఉంది. అదీ జరుగుతున్నది.

అక్షరాలు చిన్నగా ఉన్నాయని Scale 125 శాతమో 150 శాతమో పెట్టుకుని ఉంటారు. దానితో ఈ డబ్బాల సైజు మారదు, ఆ దారిన సరిచేయాలని చూడకండి.

ఇప్పుడొక స్కేలు తీసుకోండి, స్కూలు పిల్లల స్కేలు చాలు. బల్ల దగ్గర నుంచి ల్యాప్‌టాప్‌లో వెలిగే భాగం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కొలవండి. మా బల్ల మీద 2 సెంటీమీటర్ల దగ్గర మొదలై 21 దగ్గర ఆగింది. మానిటర్ 10 దగ్గర మొదలై 40 దాకా ఉంది. అంటే రెండు స్క్రీన్లూ నిజంగా పక్కపక్కన ఉన్నది 10కీ 21కీ మధ్యలోనే. ఆ మధ్యలో ఒక ఎత్తు ఎంచుకుందాం, బల్ల నుంచి 15 సెంటీమీటర్లు. ఈ ఎత్తులో దాటిన బాణం అటువైపు కూడా ఇదే ఎత్తులో తేలాలి. అదే మనకి కావలసింది.

ల్యాప్‌టాప్‌లో 19 సెంటీమీటర్లలో 1080 పిక్సెళ్లు, అంటే సెంటీమీటరుకి దాదాపు 57. మన గుర్తు దాని కింది అంచుకి 13 సెంటీమీటర్ల పైన ఉంది, కాబట్టి సుమారు 740 పిక్సెళ్లు. మానిటర్‌లో సెంటీమీటరుకి 36. అదే గుర్తు మానిటర్ కింది అంచుకి 5 సెంటీమీటర్ల పైన ఉంది, కాబట్టి 180. తేడా 560. అంటే మానిటర్ డబ్బాని ల్యాప్‌టాప్ డబ్బా కన్నా 560 పిక్సెళ్లు పైకి లేపాలి. డబ్బా ఎత్తు 1080 కాబట్టి, సగం కన్నా కాస్త ఎక్కువ. చూడండి, లాగుతున్నాను... 2 డబ్బా కింది అంచు 1 డబ్బా నడుము దాటి కొంచెం పైన ఉంది. Apply.

లెక్కలంటే చిరాకు పడేవాళ్లు లెక్క మానేయొచ్చు. బాణాన్ని ల్యాప్‌టాప్ ఎడమ అంచు దగ్గర పెట్టి మెల్లగా దాటించండి. అటువైపు మీరు అనుకున్నదానికన్నా పైన తేలితే మానిటర్ డబ్బాని ఇంకా పైకి జరపండి. కింద తేలితే కిందికి జరపండి. వినడానికి తిరకాసుగా ఉంటుంది. పైన తేలుతోంది కదా, కిందికి దించాలేమో అనిపిస్తుంది. కాదు. డబ్బా పైకి వెళ్తే దాని కింది భాగం మీ బాణం ఎదురుగా వస్తుంది, అప్పుడే బాణం కింద తేలుతుంది. ఒకసారి చేసి చూస్తే చేతికి అలవాటైపోతుంది.

ఇక్కడ ఒక పరిమితి ఉంది. రెండు స్క్రీన్లలో సెంటీమీటరుకి పిక్సెళ్లు వేరు కాబట్టి అన్ని ఎత్తుల్లోనూ కుదరదు. 15 దగ్గర సరిపోయింది. ల్యాప్‌టాప్ పై అంచు దగ్గర, అంటే 21 దగ్గర దాటితే మానిటర్‌లో 24 దాటాక తేలుతుంది, మూడు సెంటీమీటర్ల పైచిలుకు తేడా. 12 దగ్గర దాటితే కాస్త కింద, పదికి దగ్గర్లో తేలుతుంది. ముందున్న జానెడుతో పోలిస్తే ఇది కంటికి పెద్దగా ఆనదు.

ఇంకోటి, ఇది చేయగానే మీరే అడుగుతారు. ల్యాప్‌టాప్ కింది సగంలో బాణం ఎడమ అంచుకి తగిలి ఆగిపోతోందేమిటని. డబ్బాల అంచులు ఎక్కడ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయో అక్కడే దారి ఉంటుంది, మిగతాచోట గోడే. మన అమరికలో ల్యాప్‌టాప్ కింది 560 పిక్సెళ్లకి ఎదురుగా ఏమీ లేదు. బల్ల మీద చూడండి, అక్కడ నిజంగానే మానిటర్ లేదు, దాని స్టాండ్ ఉంది! కాబట్టి అది తప్పు కాదు.

సెట్టింగ్స్‌లో కిందికి వెళ్తే Multiple displays ఉంటుంది. అందులో Ease cursor movement between displays అని ఒకటుంది. దానికి టిక్ ఉంటే అంచులు కలవని చోట కూడా బాణం అవతలికి దాటేస్తుంది. మీ దాంట్లో ముందే టిక్ ఉండొచ్చు. నన్నడిగితే ముందు ఆ టిక్ తీసేసి పని చేసి చూడండి. మీ మానిటర్ ఎడమవైపు ఉంది కదా. అందులో ఎక్సెల్ పూర్తిగా తెరిస్తే, మూసే గుర్తు కుడి పై మూలలో ఉంటుంది. ఆ మూల దగ్గర గోడ ఉంటే బాణాన్ని విసురుగా తోసినా అక్కడే ఆగుతుంది, క్లిక్ కొట్టేయొచ్చు. గోడ లేకపోతే బాణం ల్యాప్‌టాప్‌లోకి జారిపోతుంది. మళ్లీ వెనక్కి తెచ్చి, గురిచూసి కొట్టాలి. రోజంతా ఎంట్రీలు కొట్టేవాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

కింది గోడతో మరీ ఇబ్బంది అయితే ల్యాప్‌టాప్‌నే పైకి లేపండి. స్టాండ్ అయినా సరే, పాత లెడ్జర్ పుస్తకాలైనా సరే, 8 సెంటీమీటర్లు లేపితే రెండు స్క్రీన్ల కింది అంచులు సమానమవుతాయి. అప్పుడు డబ్బాని 200 పిక్సెళ్లు, అంటే ఐదో వంతు కన్నా కాస్త తక్కువ లేపితే ల్యాప్‌టాప్ మధ్య ఎత్తులో సరిగ్గా కుదురుతుంది. కాకపోతే కీబోర్డు విడిగా కొనాలి, అంత ఎత్తులో టైపింగ్ చేస్తే మణికట్లు లాగేస్తాయి.

బల్ల చిన్నదై, మానిటర్ వెనకాల, ల్యాప్‌టాప్ దాని ముందు పెట్టుకున్నవాళ్లు 2 డబ్బాని 1 నెత్తిన పెట్టండి. అప్పుడు మౌస్ పైకి తోస్తే దాటుతుంది. పక్కల లెక్క కూడా ఇలాంటిదే, నిలువు బదులు అడ్డం కొలుచుకోవాలి.

ఏది ముఖ్యమైన స్క్రీన్ అన్నది వేరే సంగతి. మానిటర్ డబ్బా ఎంచుకుని Make this my main display టిక్ చేస్తే లాగిన్, స్టార్ట్ మెనూ అటు పోతాయి, అమరిక మాత్రం అలాగే ఉంటుంది. చెల్లెమ్మకి నా సలహా, ల్యాప్‌టాప్‌నే మెయిన్‌గా ఉంచుకోండి. కారణం కరెంటు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఇన్వర్టర్ లేని ప్లగ్గులో ఉన్న మానిటర్ ఆరిపోతుంది. కొన్నిసార్లు విండోస్ అది గమనించి కిటికీలన్నీ ల్యాప్‌టాప్ మీదకి తెచ్చేస్తుంది. కొన్నిసార్లు మానిటర్ ఇంకా ఉందనుకునే కూర్చుంటుంది. అప్పుడు సగం కొట్టిన టాలీ వోచర్ చీకటి స్క్రీన్ మీద ఉండిపోతుంది. టెన్షన్ పడి ప్రోగ్రామ్ మూసేయకండి. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కుతూ టాలీ మీద ఆగి వదలండి. తర్వాత విండోస్, షిఫ్ట్ రెండూ పట్టుకుని కుడి బాణం కీ నొక్కండి, ఆ కిటికీ ల్యాప్‌టాప్ మీదకి వచ్చేస్తుంది. కిటికీలు చాలా ఉంటే విండోస్, P నొక్కి PC screen only ఎంచుకోండి, అన్నీ ఒకేసారి వస్తాయి. కరెంటు వచ్చాక మళ్లీ Extend పెట్టుకోండి. అదే మానిటర్ అయితే డబ్బాల అమరిక విండోస్‌కి గుర్తుంటుంది, స్కేలు మళ్లీ తీయక్కర్లేదు.