పాతికేళ్లు ఆగితే రిస్క్ తగ్గుతుందా? రెండు గ్రాఫులు, ఒకే డబ్బు

[తెర మీద: ఎడమ వైపు వెడల్పుగా మొదలై కుడి వైపు సన్నబడే గ్రాఫ్]

నమస్తే. మ్యూచువల్ ఫండ్ మీటింగుల్లో ఈ బొమ్మ మీరు చూసే ఉంటారు. "ఒక్క ఏడాదికైతే మార్కెట్ భయమే. 25 ఏళ్లు ఆగితే రిస్క్ దాదాపు పోతుంది" అని చెబుతారు. బొమ్మ నిజమే. దాని మీద చెప్పే మాటే నిజం కాదు. ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం.

మిర్యాలగూడలో రైస్ మిల్లు అకౌంట్లు చూసే ఒకాయన ఉన్నాడనుకుందాం. వయసు 35, చేతిలో 10 లక్షలు ఉన్నాయి. 60 ఏళ్లు వచ్చేదాకా ఆ డబ్బు ముట్టుకోడు. షేర్లలో ఏడాదికి సగటున 10 శాతం వస్తుందని, అది 20 శాతం అటూ ఇటూ ఊగుతుందని, ఒక ఏడాది ఫలితానికీ తర్వాతి ఏడాదికీ సంబంధం లేదని పెట్టుకుందాం. ఇవి నేను లెక్క కోసం తీసుకున్న అంకెలు, మార్కెట్ ఇస్తానన్న హామీ కాదు. లెక్క క్షణక్షణం వడ్డీ కలిసే చక్రవడ్డీ పద్ధతిలో వేశాను, అందుకే అంకెలు సరిగ్గా మైనస్ 10, ప్లస్ 30 అని రావు.

మొదటి ఏడాది చివర, మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఆయన రాబడి మైనస్ 9.5 నుంచి ప్లస్ 35 శాతం మధ్య ఉంటుంది. 25 ఏళ్లకు చూస్తే, ఏడాదికి సగటు రాబడి 6 నుంచి 15 శాతం మధ్యకు వస్తుంది. మంచి ఏళ్లు, చెడ్డ ఏళ్లు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి సగటు నిలకడగా కనిపిస్తుంది. సన్నబడే గ్రాఫ్ ఇదే.

[తెర మీద: రెండో గ్రాఫ్. ఎడమ వైపు సన్నగా మొదలై కుడి వైపు విచ్చుకుంటుంది]

ఇప్పుడు అదే లెక్కను రూపాయల్లో చూడండి. ఏడాది తర్వాత 9 లక్షల నుంచి 13.5 లక్షల మధ్య ఉంటుంది. 25 ఏళ్ల తర్వాత 45 లక్షల నుంచి 3 కోట్ల 31 లక్షల మధ్య! అంకెలు అవే. గ్రాఫ్ మాత్రం తిరగబడింది.

కారణం ఇది. 25 ఏళ్ల ఊగిసలాటంతా కలిపితే ఒక్క ఏడాది ఊగిసలాటకు 25 రెట్లు కాదు, 5 రెట్లు అవుతుంది. 25 వర్గమూలం 5 కదా. సగటు కావాలంటే ఆ 5 రెట్లను 25తో భాగిస్తాం. అప్పుడు ఐదో వంతే మిగులుతుంది. కానీ మిల్లు అకౌంటెంటు 60వ ఏట ఖర్చు పెట్టేది సగటును కాదు, మొత్తాన్ని. దాన్ని భాగించేవాళ్లెవరూ లేరు.

మన దగ్గర మిత్తి లెక్క తెలిసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. నూటికి నెలకు అర్ధ రూపాయి, రూపాయి: వినడానికి తేడా అర్ధ రూపాయే. ఏడాదికోసారి చక్రవడ్డీ కడుతూ పోతే 25 ఏళ్లకు 10 లక్షలు ఒక చోట 43 లక్షలు, ఇంకో చోట కోటీ 70 లక్షలు.

"అయినా ఎఫ్‌డీని దాటే అవకాశం పెరుగుతుంది కదన్నా?" అని అడగొచ్చు. పెరుగుతుంది, అది నిజమే. 7 శాతం ఎఫ్‌డీ కంటే వెనకబడే అవకాశం మొదటి ఏడాది 100లో 44 దాకా ఉంటే, 25 ఏళ్లకు 21కి దిగుతుంది. అయితే వెనకబడితే ఎంత వెనకబడతాం? 100లో 2 సార్లు వచ్చే చెడ్డ ఫలితం తీసుకోండి. ఏడాది చివర 7.4 లక్షలు మిగులుతాయి. ఎఫ్‌డీలో 10.7 ఉండేవి, అందులో 69 శాతమైనా చేతిలో ఉన్నట్టు. 25 ఏళ్లకు మిగిలేది 16.5 లక్షలు. ఎఫ్‌డీలో 54 లక్షలు ఉండేవి. అంటే 30 శాతమే. దెబ్బ తగిలే అవకాశం తగ్గింది, దెబ్బ పెద్దదైంది.

ఈ పొరపాటును ఆర్థికవేత్త పాల్ శామ్యూల్‌సన్ 1963లోనే ఎత్తి చూపాడు. 1995లో మరో ఆర్థికవేత్త జ్వీ బోడీ ఇంకో పరీక్ష పెట్టాడు: షేర్లు వడ్డీ రాబడి కంటే వెనకబడితే ఆ లోటు కట్టే ఇన్సూరెన్స్ కొంటే, గడువు పెరిగేకొద్దీ ప్రీమియం తగ్గాలా, పెరగాలా? లెక్క కడితే పెరుగుతుంది. నాకైతే దీనికి మించిన రుజువు అక్కర్లేదనిపిస్తుంది.

[తెర మీద: 1989 – 2024]

చెడ్డ ఏళ్ల తర్వాత మంచి ఏళ్లు వస్తాయనే వాదన ఉంది. అది నిజమైతే రెండో గ్రాఫ్ కొంచెం నెమ్మదిగా విచ్చుకుంటుంది. కానీ జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. డివిడెండ్లు కలపని లెక్కే అయినా, 34 ఏళ్లు చిన్న గడువు కాదు.

మరి ఆయన ఏం చేయాలి? 60వ ఏట కనీసం ఎంత లేకపోతే గడవదో ముందు తేల్చుకోవాలి. 30 లక్షలు అనుకుందాం. 7 శాతం చొప్పున దానికి ఈ రోజు 5.53 లక్షలు కావాలి. బ్యాంకు ఎఫ్‌డీ గడువు మామూలుగా 10 ఏళ్లు దాటదు, మళ్లీ వేసేటప్పుడు అదే వడ్డీ దొరకకపోవచ్చు, పన్ను కూడా ఉంటుంది. కాబట్టి 6 లక్షలకు పైనే పక్కన పెట్టాలి. షేర్లలో పెట్టాల్సింది ఆ మిగిలిన డబ్బు.