రిటర్న్ వచ్చిన మిక్సీ: ఏది మళ్లీ అమ్మకానికి, ఏది తుక్కుకి?

[దృశ్యం: గాజువాకలో ఒక గోడౌన్. బల్ల మీద తెరిచిన మిక్సీ పెట్టె. దాని మీద అంటించిన చీటీలో "తిరగట్లేదు" అని ఉంది.]

వ్యాఖ్యానం: చీటీలో ఉన్నది కస్టమర్ చెప్పిన కారణం. అది చూసి నేరుగా తుక్కులో వేసేస్తే బాగున్న మిక్సీలు కూడా పోతాయి. అలాగని వెంటనే ప్లగ్గు పెట్టి స్విచ్ వేయకండి. ముందు అడుగున ఉన్న సీరియల్ నంబరు, పెట్టె మీది నంబరు, బిల్లులోని నంబరు మూడూ ఒకటేనో కాదో చూడండి. కొత్త పెట్టెలో పాత మిక్సీ పెట్టి పంపేవాళ్లు ఉంటారు. స్క్రూల గాళ్లలో గీతలు కనిపిస్తే ఎవరో లోపల చేయి పెట్టారని అర్థం.

[దృశ్యం: మిక్సీని తిరగేస్తారు. అడుగున చిన్న ఎర్ర బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంది.]

ఇదే ఓవర్‌లోడ్ బటన్. నానిన మినప్పప్పు జారు నిండా వేసి, నీళ్లు చాలకుండా రుబ్బితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు ఈ బటన్ తన్నుకుని సరఫరా ఆపేస్తుంది. మోటారు చల్లారాక నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఆ సంగతి తెలియక మిక్సీ కాలిపోయిందనుకుని తిప్పి పంపేస్తారు.

బటన్ నొక్కగానే బాగుందని రాసేయకండి. గాలి వచ్చే కంతల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. కాలిన వార్నిష్ వాసన వస్తే మోటారు లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్, దెబ్బతిన్నట్టే. వాసన లేకపోతే పైనున్న కప్లర్‌ని చేత్తో తిప్పండి, పట్టేయకుండా తిరగాలి. తర్వాత కరెంటు బయటికి లీకవుతుందో లేదో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ప్లగ్గు పిన్నులకీ మోటారు ఇరుసుకీ మధ్య కొలవండి. 2 మెగాఓమ్‌ల కన్నా తక్కువ వస్తే స్విచ్ వేయొద్దు. విశాఖ వానాకాలపు తేమకే రీడింగ్ పడిపోవచ్చు కాబట్టి ఒక రోజు ఆరబెట్టి మళ్లీ కొలవండి. అప్పటికీ తక్కువే ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అనుమానించాలి.

[దృశ్యం: జారులో నీళ్లు పోసి, పరిచిన న్యూస్‌పేపరు మీద పెడతారు.]

నీళ్లు ఎక్కడినుంచి వెళ్లాయో జారే చెబుతుంది. పది నిమిషాల తర్వాత జారు ఎత్తండి. కాగితం మీద తడి వలయం పడితే జారు అడుగున బ్లేడు ఇరుసు తిరిగే బుష్ కారుతోంది. అక్కడ నల్లటి జిడ్డు చార కూడా కనిపిస్తే ఆ నీళ్లు చాలాకాలంగా మోటారు మీదికి దిగుతున్నాయి.

పరీక్షకు వాడిన జారుని వెంటనే పెట్టెలో పెట్టేయకండి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో తడి బ్లేడు కింద తుప్పు చుక్క త్వరగా లేస్తుంది. మూత తీసి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే సర్దండి.

[దృశ్యం: తెర మీద మూడు మిక్సీలు పక్కపక్కన.]

ఇప్పుడు డబ్బు లెక్క. ఉదాహరణకు ఒక్కో మిక్సీని జీఎస్టీ కాక 2,000 రూపాయలకు కొన్నామనుకుందాం. కింది అంకెలన్నీ పన్ను కలపనివే.

మొదటిది, బటన్ మాత్రమే తన్నింది. కానీ జారులో పసుపు మరక ఉంది, అంటే వాడారు. దీన్ని కొత్తదని అమ్మకూడదు. ఓపెన్ బాక్స్ అని స్పష్టంగా రాసి 1,600కు అమ్మితే, గాస్కెట్, పెట్టె, కూలీ కలిపి 150 పోను 1,450 వస్తుంది.

రెండోదాని మోటారు బాగుంది, మూడు జార్లలో ఒకటి కారుతోంది. కొత్త జారు 400, మిగతా పని 150, 1,600కు అమ్మితే చేతికి 1,050. ఆ జారు తీసేసి రెండు జార్ల సెట్‌గా 1,250కు అమ్మితే, పనికి 100 పోను 1,150. మరమ్మతు చేయకపోవడమే లాభం. అయితే పెట్టె మీద "3 జార్లు" అన్న ముద్రపై కొత్త స్టిక్కర్ తప్పనిసరి, లేకపోతే అదే మిక్సీ మళ్లీ రిటర్న్ వస్తుంది.

మూడోది కాలిపోయింది. రీవైండింగ్‌కు 600, పనికి 150 పెట్టి 1,300కు అమ్మితే మిగిలేది 550. ఉన్నది ఉన్నట్టుగా రిపేరు షాపుకి 500కు ఇస్తే తేడా 50 రూపాయలే, వారంటీ తలనొప్పీ ఉండదు. షాపుకి ఇవ్వడమే మేలు.

దీన్ని ఖాతాల్లో రద్దు చేస్తే మాత్రం నష్టం 2,000తో ఆగదు. సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) కింద రద్దు చేసిన సరుకుకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మినహాయించుకునే వీలు, ఉండదు. 18 శాతం చొప్పున తీసుకున్న 360 రూపాయలు వెనక్కి కట్టాలి. బిల్లు వేసి తక్కువ ధరకైనా ఇస్తే అది అమ్మకం. అందుకే రద్దు అన్నది చిట్టచివరి గడి.

[దృశ్యం: కత్తెరతో మిక్సీ వైరు కోస్తారు.]

ఎవరూ కొననిదాన్ని రద్దు చేసేటప్పుడు సీరియల్ నంబరు, ఫోటో, కారణం నమోదు చేసి, వైరు కోసి, నమోదైన ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కి ఇవ్వండి. వైరు కోయకపోతే అదే మిక్సీ ఏదో ఒక రోజు మళ్లీ కొత్త పెట్టెలో మీ బల్ల మీదికే వస్తుంది.