అత్త పట్టుచీర నీలం ప్రింటులో ఊదాగా ఎందుకు మారింది?

[తెర మీద: ఒకే ఫొటోకి రెండు ప్రింట్లు పక్కపక్కన. వెనక కిటికీ వెలుతురు.]

నమస్తే. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రెండు ప్రింట్లూ ఒకే ఫొటోవి. కిందటి ఠాకురాణి యాత్రప్పుడు మా అత్త గుమ్మంలో నిలబడితే తీశాను. ఆవిడ కట్టుకున్నది ముదురు నీలం బరంపురం పట్టు, అంచు మీద గుడి గోపురాల్లాంటి ఫొడ కుంభం. నా ఫోనులో ఆ నీలం మెరిసిపోతోంది. ల్యాప్‌టాప్‌లో కాస్త వెలిసినట్టుంది. ఎడమ చేతిలో ఉన్న మొదటి ప్రింటు చూడండి. నీలం ఊదాలోకి దిగిపోయింది, అత్త మొహం నల్లబడింది.

ఇలా జరిగిన ప్రతిసారీ మనవాళ్ళు అనేమాట ఒకటే: "ఫోనులో సరిగ్గానే ఉంది, ల్యాబు వాడే పాడుచేశాడు." ఈ మాట వింటే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. మా ల్యాబులో మెషీను దగ్గర కూర్చునే ఆయన నేనిచ్చిన ఫైలుని ఉన్నదున్నట్టే వేశారు. తప్పు నా బల్ల మీదే జరిగింది.

బడాబజారులో చీర కొనేటప్పుడు మా అత్త ఏం చేస్తుందో చెప్తాను. ట్యూబులైట్ కింద ఎంత నచ్చినా సరే, చీర మడత పట్టుకుని వీధిలోకి వస్తుంది. ఎండలో చూసి, లోపలికెళ్ళి, అప్పుడు బేరం మొదలుపెడుతుంది. చీర మారలేదు, దాని మీద పడే వెలుతురు మారింది. ఆవిడకది తెలుసు. ఫొటో ఫైలు కూడా ఆ చీరలాంటిదే. అందులో ఉన్నవి అంకెలు. ప్రతి చుక్కకీ ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని 0 నుంచి 255 దాకా. ఏ తెర మీద తెరిచినా ఆ అంకెలు మారవు. ప్రతి తెరా ఒక కొట్టు, ప్రతి కొట్లోనూ వేరే లైటు.

నా ఫోను కొట్లో లైటు ఎలాంటిదంటే, కొన్నప్పుడే రంగుల్ని పెంచి చూపించే మోడ్‌లో పెట్టి ఉంది. సెట్టింగుల్లో `Vivid` అని కనిపించేది అదే. ఆ తెర చూపగలిగే నీలాలు, ఎరుపులు మామూలు ఫొటోల కొలత sRGB కన్నా ఎక్కువ. ఆ మోడ్‌లో ఉన్నంతసేపూ ఫైలులో లేని మెరుపు కూడా కలుస్తుంది. `Natural` లోకి మార్చి చూడండి, ఐదు నిమిషాలు చప్పగా అనిపించి తర్వాత కన్ను అలవాటు పడుతుంది. ల్యాప్‌టాప్‌ది ఇంకో రకం కొట్టు. తక్కువ ధర ల్యాప్‌టాప్ తెరల్లో చాలావాటికి sRGB రంగులన్నీ చూపే శక్తే ఉండదు. పైగా తెలుపు నీలంగా ఉంటుంది. ఇది ఇప్పుడే మీ ఇంట్లో చూడొచ్చు. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పగటి వెలుతురు పడేలా పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి.

[తెర మీద: ల్యాప్‌టాప్ పక్కన తెల్ల కాగితం]

తేడా కనిపించిందా? కాగితం లేనప్పుడు ఆ నీలిఛాయ మన కంటికి తెలియనే తెలియదు, అదే తెలుపనుకుంటుంది. ఆ రోజు నేను చేసిందిదే. తెర తెలుపే నీలంగా ఉందని తెలియక, అత్త మొహం పాలిపోయిందనుకుని పసుపు కలిపాను. తెర బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి ఉంది కాబట్టి ఫొటో మరీ తెల్లగా ఉందనిపించి, నీడల్ని ముదురు చేశాను. ఆ కొట్టు లైటుకి తగ్గట్టు చీరకే రంగు వేసేశానన్నమాట. ప్రింటుకి వెనకనుంచి లైటు ఉండదు. గదిలో ఉన్న వెలుతురే దాని మీద పడి తిరిగి రావాలి. అందుకే మొహం నల్లబడింది.

క్యాలిబ్రేషన్ అంటే తెరని వీధిలోకి తీసుకురావడం. దానికి కంటి అంచనా పనికిరాదు, కొలిచే పరికరం కావాలి. కలరీమీటర్ అంటారు, చిన్న డబ్బీలా ఉండి తెరకి ఆనుకుని కూర్చుంటుంది. మేం నలుగురం కలిసి ఒకటి కొని తలో వారం వాడుకుంటున్నాం. దానితో కొలవడానికి DisplayCAL అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ముందు తెరని అరగంట వెలగనిచ్చి, నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయాలి. లక్ష్యాలు మూడే: తెలుపు 6500 కెల్విన్, నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఎలా పెరగాలో చెప్పే గామా 2.2, వెలుగు చదరపు మీటరుకి సుమారు 100 నుంచి 120 క్యాండెలాలు. నా ల్యాప్‌టాప్‌ని మొదటిసారి కొలిస్తే తెలుపు 7400 దగ్గరా, అంటే ఉండాల్సినదానికన్నా నీలంగా, వెలుగు 270 దగ్గరా ఉన్నాయి. అంటే కావలసినదానికి రెండింతలకు పైగా వెలుగులో కూర్చుని ఫొటో దిద్దాను.

సాఫ్ట్‌వేర్ వరసగా రంగులు చూపిస్తుంది, డబ్బీ కొలుస్తుంది. చివర్లో ప్రొఫైల్ అని ఒక ఫైలు తయారవుతుంది. "ఈ కొట్లో లైటు ఇంత నీలం కలుపుతుంది, చూసుకుని సరిచెయ్యి" అని రాసిన చీటీ లాంటిది. ఆ చీటీ చదివే సాఫ్ట్‌వేర్‌లోనే రంగు సరిగా కనిపిస్తుంది, కొన్ని ఫొటో వ్యూయర్లు దాన్ని పట్టించుకోవు. అదయ్యాక అదే పాత ఫైలు తెరిస్తే నా గుండె ఝల్లుమంది. తెర మీద అత్త మొహం ప్రింటులో ఉన్నంత నల్లగానే ఉంది. ప్రింటు మొదటినుంచీ నిజమే చెబుతోంది.

ఇక్కడ ఇంకో అపోహ ఉంది. క్యాలిబ్రేట్ చేస్తే తెర, ప్రింటు అచ్చం ఒకటైపోతాయని. కావు. తెరకి లేని రంగుని ఏ డబ్బీ తెచ్చిపెట్టలేదు. మొహం సరిచేసి మళ్ళీ వేయించినా చీర నీలం కొంచెం ఊదాగానే వచ్చింది. కారణం చెప్తాను. తెర నీలాన్ని నేరుగా వెలిగిస్తుంది. కాగితం మీద నీలం అంటే సయాన్, మెజెంటా రంగులు ఒకదాని మీద ఒకటి. ఆ రెండూ ఆపాల్సిన వెలుగుతో పాటు నీలాన్ని కూడా కొంత మింగేస్తాయి. అందుకే మెరిసే నీలాలు ప్రింటులో ముదిరి, ఊదా వైపు జరుగుతాయి.

టైము అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. వాళ్ళ కాగితం మీద ఏ రంగు ఎలా పడుతుందో చెప్పే కాగితం ప్రొఫైల్‌ని ల్యాబుని అడగండి, చాలామంది ఇస్తారు. ఫొటోషాప్‌లో `Proof Setup` లో ఆ ప్రొఫైల్ పెట్టి `Ctrl+Y` నొక్కితే ప్రింటు ఎలా రాబోతోందో తెర మీదే కనిపిస్తుంది. ఉచితంగా దొరికే GIMP లోనూ ఇలా చూసుకునే సాఫ్ట్ ప్రూఫ్ ఉంది. నేను చీర నీలాన్ని ఒక్కదాన్నే పట్టుకుని గాఢత కొంచెం తగ్గించి, కొద్దిగా వెలుగు పెంచి, రంగుని సయాన్ వైపు కాస్త జరిపాను. ఫైలు sRGB లో, ప్రొఫైల్ జతచేసి ఇచ్చాను. ముందు 4×6 లో ఒక్కటి వేయించి చూసుకుని తర్వాత పెద్దది చేయించాను. తెర పాతబడేకొద్దీ మారుతుంది కాబట్టి నెలకోసారి మళ్ళీ కొలుస్తున్నాను.

[తెర మీద: కుడి చేతిలోని రెండో ప్రింటు దగ్గరగా, అంచు మీది కుంభాలు కనిపించేలా]

ఇది రెండో ప్రింటు. ఫోనులో ఉన్న మెరుపు లేదు, కానీ ఇది ఆ చీర నీలమే. అత్తకి ఇవ్వగానే దీన్ని కూడా వీధిలోకి పట్టుకెళ్ళి, చీర చెంగు పక్కన పెట్టి చూసింది. తర్వాత హాల్లో పసుపు బల్బు కింద తగిలించబోతే వద్దని, కిటికీ ఎదురుగోడకి మేకు కొట్టించింది.