అయిదున్నరకి ఎసరు

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ మేడమ్ గారికి, గైడ్‌లందరికీ నమస్కారం. శాలువా చివర్లో కప్పుదురుగాని, అప్పటికీ కప్పాలనిపిస్తేనే. ఫైనలియర్ ప్రాజెక్టు ప్రపోజల్ ఎలా రాయాలో చెప్పమని పిలిచారు. ముందు స్కోపు, తర్వాత టైమ్‌లైను, ఆఖర్న ఇవాల్యుయేషన్ అని వరసగా కాగితం మీద రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక లోపలికి వస్తుంటే మీ మెస్ వెనకాల డ్రమ్ములో అన్నం కనపడింది. దాంతో నా ప్రాజెక్టు గుర్తొచ్చింది, కాగితం జేబులోకి వెళ్లిపోయింది.

మా బ్యాచ్ నలుగురం. టైటిల్ స్మార్ట్ హాస్టల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. మాడ్యూల్స్ పదకొండు! రూమ్ కేటాయింపు, ఫీజు, అవుట్‌పాస్, కంప్లయింట్లు, ముఖం చూసి హాజరు వేయడం, ఇంకా ఏవేవో. మా గైడ్ గారు చూసి "బాగానే ఉంది, ఇంకో మాడ్యూల్ ఏదైనా పెట్టొచ్చేమో చూడండి" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నాకు కోపమే. చివరికి మిగిలినవి రెండు, లాగిన్ పేజీ, మెస్ మాడ్యూల్. రాత్రి భోజనం తింటారా తినరా అని పిల్లలు ఫోన్‌లో నొక్కితే మెస్‌కి లెక్క వెళ్తుంది, అన్నం వృథా కాదు. అంతే.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు అన్నీ విని ఒకే ప్రశ్న అడిగారు. "ఇది రాకముందు రోజుకి ఎంత మిగిలేదమ్మా?" మేం నలుగురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. తూకం వేస్తే కదా తెలిసేది.

అందుకే చెబుతున్నా, ప్రపోజల్ చివరి పేజీ నుంచి రాయండి. ఏం కొలుస్తారో ముందు తేల్చుకుంటే, స్కోపులో ఏం ఉండాలో, ఏ వారం ఏం చేయాలో అక్కణ్ణుంచే వస్తుంది. మీలో సగం మంది ఇప్పటికే అబ్‌స్ట్రాక్ట్ ఇచ్చేశారని తెలుసు. పర్లేదు, మార్చుకోండి.

సరే, అదే మెస్ ప్రాజెక్టు మళ్లీ చేస్తే ఎలా రాస్తానో చూడండి. మా హాస్టల్లో 240 మంది, రాత్రికి సుమారు 200 మంది తినేవాళ్లు. ఎవరు తింటారో, ఎవరు తినరో చెప్పడంలో 83 శాతం ఆక్యురసీ అని మేం స్లైడ్ మీద గొప్పగా వేశాం. ఏ కోడూ రాయకుండా, అందరూ తింటారని కళ్లు మూసుకుని చెప్పినా 240లో 200 కరెక్టే, అంటే అదే 83 శాతం! అది మాకు తట్టలేదు, అడిగినవాళ్లూ లేరు.

మరి కొలవాల్సింది ఏంటి? ఎంతమందికి వండమని చెప్పాం, ఎన్ని ప్లేట్లు లేచాయి, ఈ రెండిటి తేడా. శుక్రవారం 160 అని చెప్పాం అనుకోండి, 150 మందే తిన్నారు, పది ఎక్కువ. గురువారం 195 అని చెప్పాం, 207 మంది వచ్చారు, పన్నెండు తక్కువ. ప్లస్ పది, మైనస్ పన్నెండు కూడి సగటు తీస్తే మైనస్ ఒకటి వస్తుంది. అబ్బో ఎంత కరెక్టుగా చెప్పిందో అనిపిస్తుంది, ఆ గురువారం పన్నెండు మంది ఆకలితో క్యూలో నిలబడ్డారు మరి. కాబట్టి గుర్తు తీసేసి తేడా మాత్రమే సగటు కట్టండి, ఈ రెండు రోజులకి అది పదకొండు. అన్నం చాలని రాత్రులు ఎన్నో విడిగా రాయండి. మిగలడం, చాలకపోవడం ఒకటే తప్పు కాదు. చాలకపోతే ఆ మర్నాటి నుంచి మీ లెక్క ఎవరూ నమ్మరు.

తూకం కూడా జాగ్రత్త. గిన్నెలో మిగిలిన అన్నం వేరు, కంచాల్లో వదిలేసింది వేరు. మీ యాప్ తగ్గించగలిగేది గిన్నెలోదే. రెండూ ఒకే డ్రమ్ములో పోశాక తూస్తే, ఆ రోజు కూర బాగోకపోయినా మీ ప్రాజెక్టు ఫెయిలైనట్టు కనిపిస్తుంది. డ్రమ్ములోకి పోకముందే గిన్నెతో తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి.

ఇప్పుడు స్కోపు. మేం డాష్‌బోర్డులో రంగురంగుల గ్రాఫులు పెట్టి, సాయంత్రం ఆరింటికి లెక్క పంపేవాళ్లం. వంట మాస్టారు ఒకరోజు నన్ను పిలిచి, మసి పట్టిన గోడ గడియారం చూపించాడు. "అయిదున్నరకి ఎసరు పెడతాను బాబూ. ఆరింటికి నీ లెక్క వస్తే నేనేం చేసుకోను?" అన్నాడు. ఆయన దగ్గర స్మార్ట్‌ఫోన్ కూడా లేదు. ఆయనకి కావాల్సింది అయిదింటికల్లా వంటింటి పలక మీద సుద్దముక్కతో ఒక అంకె. నాలుగు నెలలు కోడ్ రాశాం, ఒక్క రోజు పొయ్యి దగ్గర నిలబడలేదు.

కాబట్టి స్కోపు ఇలా రాస్తాను. ఒకే హాస్టల్, రాత్రి భోజనం ఒక్కటే, ఫోన్ బ్రౌజర్‌లో తెరిచే ఒక్క పేజీ, నాలుగున్నరకి గడువు. ఏమీ నొక్కనివాళ్లని తింటారనే లెక్కేస్తాం, ఎందుకంటే నొక్కడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ, వాళ్లని పస్తు పెట్టకూడదు. బిల్లులు, మెనూ, ముఖం చూసి హాజరు, ఇవేవీ చేయం అని అదే పేజీలో రాస్తాను. చేయనివి కాగితం మీద లేకపోతే రెండో రివ్యూలో ఎవరో ఒకరు అడుగుతారు, మీరు సరే అంటారు, అంతే సంగతులు.

టైమ్‌లైను దగ్గర అందరం బొంకుతాం. కావాలని కాదులెండి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు సైకాలజిస్టులు, థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నని అడిగితే చెప్పిన అంకె కూడా 49 దాటలేదు! 34 అన్నది 55 అయిందంటే దాదాపు 1.6 రెట్లు.

మీ సెమిస్టర్ 16 వారాలు. రెండు మిడ్‌లు, సంక్రాంతి, ఆఖర్న రికార్డు బైండింగు, వైవా తీసేస్తే 12. యాప్ పెట్టాక కొలవడానికి రెండు వారాలు, మొదట్లో వంటవాళ్లతో కూర్చోడానికి రెండు. మిగిలింది ఎనిమిది. దాన్ని 1.6తో భాగించండి, అయిదు. అంటే మీకు అయిదు వారాల్లో అయిపోతుందనిపించే పనే ఒప్పుకోవాలి. యాప్ లేనప్పటి కొలతలు కోడ్ రాస్తుండగానే తీయొచ్చు, ఇద్దరు తూకానికి, ఇద్దరు కోడ్‌కి. అవి కూడా నిండు రెండు వారాలు, ఆదివారం చికెన్‌తో సహా. శుక్రవారాన్ని శుక్రవారంతోనే పోల్చాలి.

మేం యాప్ ఎప్పుడు పెట్టామో చెప్పలేదు కదూ? సంక్రాంతికి ముందు వారం. హాస్టల్ సగం ఖాళీ. పోయిన వారం లెక్కకే వండుతుంటే అన్నం బాగా మిగిలింది. "మీ యాప్ వచ్చాకే ఎక్కువ పారేస్తున్నాం" అన్నాడు మెస్ ఇన్‌చార్జి. కాదని చెప్పడానికి మా దగ్గర ఒక్క అంకె లేదు.

టీ వచ్చినట్టుంది. తాగాక ప్రపోజల్స్ తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి. నేను చివరి పేజీయే తెరుస్తాను. అక్కడ "యూజర్ ఫ్రెండ్లీగా ఉంటుంది" అని మాత్రమే రాసి ఉంటే, ఇప్పుడే పెన్ను తీసి కొట్టేసుకుని రండి.