40, 60... మరి సగటు 50 కాదా?

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. వర్క్‌షీట్ వెనక అచ్చయిన జవాబు తప్పనిపిస్తే సారుకి ఎలా చెప్పాలన్నది ఇవాళ్టి విషయం. లెక్కల మాస్టారు లైన్లో ఉన్నారు. మొదటి ఫోన్ పర్లాకిమిడి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మాస్టారూ. మా గుంటడు ఏడో తరగతి, ఒడియా మీడియం. ట్యూషన్‌లో షీటు ఇచ్చారు, వెనకాల జవాబులు ఉన్నాయి. పదకొండో లెక్కకి ఆడికి 48 వచ్చింది, అక్కడేమో 50 ఉంది. రెండుసార్లు సేసినా 48యే. సారు కాడికెళ్ళి తప్పండీ అంటే బాగోదు గదా. ఏటి సెయ్యమంటారు?

మాస్టారు: ముందు ఆ లెక్క చదవండమ్మా, ఉన్నది ఉన్నట్టు.

కాలర్: ఓ బస్సు 120 కిలోమీటర్ల దూరం ఉన్న ఊరికి గంటకి 40 కిలోమీటర్ల వేగంతో ఎళ్ళింది. అదే దార్లో గంటకి 60 వేగంతో తిరిగొచ్చింది. రానుపోను సగటు వేగమెంత? అదండీ.

మాస్టారు: షీటు ఒడియాలో ఉంది కదా, మీరు తెలుగులో చెబుతున్నారు. అసలు మాట ఓసారి చూడండి. 'హారాహారి బేగ' అనే ఉందా?

కాలర్: అదే ఉందండి.

మాస్టారు: సరే. దాంతోపాటు 'అధా సమయ' అని ఎక్కడైనా ఉందేమో వేలు పెట్టి వెతకండి.

కాలర్: లేదండి. దూరమే ఇచ్చారు.

మాస్టారు: ఇది ఎందుకు అడిగానంటే, మన వైపు పిల్లలు బడిలో ఒడియాలో చదివి ఇంట్లో తెలుగులో చెప్పించుకుంటారు. 'అధా బాట' అంటే సగం దారి, 'అధా సమయ' అంటే సగం సేపు. ఇంట్లో మాట్లాడేటప్పుడు రెండిటినీ 'సగం' అనేసి ఊరుకుంటాం. సగం సేపు 40తో, సగం సేపు 60తో నడిస్తే సగటు 50 అవుతుంది. గంటసేపు 40, ఇంకో గంట 60, మొత్తం రెండు గంటల్లో 100 కిలోమీటర్లు. అలాంటి లెక్కయితే కీ తప్పు కాదు, మన చదువు తప్పు. మీ షీటులో సమానంగా ఉన్నది దారి, సేపు కాదు. ఇప్పుడు బాబు చేసింది చెప్పండి.

కాలర్: ఎళ్ళడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. 240ని 5తో భాగిస్తే 48.

మాస్టారు: శుభ్రంగా చేశాడు. బస్సు 40 వేగంతో ఎక్కువసేపు నడిచింది కాబట్టి సగటు 40 వైపు జరుగుతుంది. కీ రాసినవాళ్ళు 40కి 60 కలిపి సగం చేసుంటారు. ఇది పాత పొరపాటేనమ్మా, చదువుకున్నవాళ్ళూ పడతారు. అయినా ఇంతటితో ఆగకండి. కీలో ఉన్న జవాబుని లెక్కలోకి వెనక్కి పెట్టి చూడండి. సగటు 50 అయితే 240 కిలోమీటర్లకి ఎంతసేపు పట్టాలి?

కాలర్: 240ని 50తో... 4.8 గంటలు.

మాస్టారు: అంటే 4 గంటల 48 నిమిషాలు. కానీ లెక్కలోని బస్సుకి 5 గంటలు పట్టింది. 12 నిమిషాలు తేలడం లేదు. సారుకి చూపించాల్సింది ఈ 12 నిమిషాలే. 'నా జవాబు 48, మీది 50' అంటే ఇద్దరి మధ్య పోటీ అవుతుంది. '5 గంటలు సరిపోవడం లేదండీ' అంటే ఇద్దరూ కలిసి లెక్కలోకి చూస్తారు.

నిర్వాహకురాలు: మరి ఆ మాట ఎలా అనాలి మాస్టారూ?

మాస్టారు: క్లాసు నడుస్తుండగా చెయ్యెత్తి అడగకూడదు. పదిమంది ముందు ఏ సారైనా ముందు కీనే వెనకేసుకొస్తారు, అది మనిషి స్వభావం. క్లాసయ్యాక వెళ్ళాలి, లేదా నోట్సులో చీటీ పెట్టాలి. బాబు ఒడియాలో ఇలా అడగొచ్చు: 'ఆజ్ఞా, మోర 48 ఆసుఛి, ఉత్తరమాళారె 50 అఛి. ము కేఉఁఠి భుల కలి, టికె దేఖిబె కి?' నాకు 48 వస్తోంది, జవాబుల పట్టీలో 50 ఉంది, నేనెక్కడ తప్పానో కాస్త చూస్తారా అని. ఈ అడగడం నటన కాకూడదు. నిజంగా మనమే తప్పి ఉండొచ్చు కాబట్టే అలా అడుగుతున్నాం.

కాలర్: చీటీలో ఏటి రాయాలండి?

మాస్టారు: షీటు పేరు, లెక్క నంబరు 11. దాని కింద మూడు వరుసలు: వెళ్ళడం 120 బై 40, 3 గంటలు, రావడం 120 బై 60, 2 గంటలు, మొత్తం 240 బై 5, 48. చివర్లో ఒక్క ముక్క: '50 అయితే 4 గంటల 48 నిమిషాలు వస్తోందండీ.' అంతే. 'కీలో కూడి సగం చేశారు' అని మాత్రం రాయొద్దు. ఆ కారణం సారుకి చూడగానే తెలుస్తుంది. మనం రాస్తే ఎత్తిపొడుపులా ఉంటుంది. ఇంకో మాట, బాబు నోట్సులో 48 చెరిపి 50 వేసుకోనివ్వకండి. 48 ఉంచి, పక్కన పెన్సిల్‌తో 'కీ: 50' అని రాసుకోమనండి.

కాలర్: ఒకవేళ సారు కీయే రైటంటే?

మాస్టారు: అప్పుడు ఒక్కసారే అడగాలి. 'అయితే 3 గంటలూ 2 గంటలూ వేసిన దగ్గర తప్పుందాండీ?' అని. ఏ వరుసో చూపించమంటున్నాం, వాదించడం లేదు. అప్పటికీ తేలకపోతే వదిలేయండి. వారం పోయాక ఆయనే చూసుకుంటారు చాలాసార్లు.

నిర్వాహకురాలు: రెండో ఫోన్, రాయగడ నుంచి. త్వరగా చెప్పండి బాబూ.

కాలర్: సార్, నేను తొమ్మిది. వ్యాసార్థం 7 సెంటీమీటర్లు, వృత్తం వైశాల్యమెంత? నాకు 153.86 వచ్చింది, కీలో 154. కీ తప్పేనా?

మాస్టారు: పై విలువ ఎంత వేశావు?

కాలర్: 3.14 సార్.

మాస్టారు: కీ వేసినాయన 22 బై 7 వేశాడు. 49ని 22తో హెచ్చించి 7తో భాగిస్తే సరిగ్గా 154. వ్యాసార్థం 7 ఇచ్చారంటేనే 22 బై 7 వాడమని సూచన, 7 కొట్టుకుపోతుంది కాబట్టి. రెండూ పైకి దగ్గరి విలువలే, ఏదీ అసలు పై కాదు. తేడా చిన్న దశాంశంలో ఉంటే తప్పు అనేముందు పై ఎంత తీసుకోమన్నారో షీటు పైభాగంలో చూడు. అక్కడ ఏమీ లేకపోతే 'పై ఎంత తీసుకోవాలి సార్' అని అడిగితే చాలు, జవాబు గురించి మాట్లాడనక్కర్లేదు.

కాలర్: ఇంకోటి సార్. అదే షీటులో 14వ దాని నుంచి వరసగా ఏవీ కలవట్లేదు.

మాస్టారు: వరసగానా? అయితే 14 జవాబు కీలో 15 ఎదురుగా ఉందేమో, 15ది 16 ఎదురుగా ఉందేమో చూడు.

కాలర్: ఉండండి... అవును సార్, ఒక్కోటి కిందకి జరిగున్నాయి.

మాస్టారు: అచ్చులో ఒక వరుస దిగిపోయింది. అలాంటప్పుడు పది తప్పులు పట్టుకెళ్ళి చూపించకు. '14 దగ్గర్నుంచి ఒక వరుస కిందకి జరిగినట్టుంది సార్' అని ఒక్కటి చెప్పు, లెక్కలూ కీ రెండూ కనిపించేలా ఫోటో తీసి ఇవ్వు.

కాలర్: మరి 13 ఎదురుగా ఉన్నది సరిపోయింది సార్. 14 ఎదురుగా ఉన్నది మాత్రం దేనికీ సరిపోవట్లేదు.

మాస్టారు: అంటే ఎక్కడిదో జవాబు ఒకటి ఆ చోట ఎక్కువ దూరింది. ఆ గడి చుట్టూ సున్నా చుట్టి ఫోటో తియ్యి. సారు వెంటనే పోల్చుకుంటారు.