నల్లగొండలో రేడియో వాచీ ఎందుకు తప్పుతుంది

అందరికీ నమస్తే. గడియారం సెంటర్‌కి ఇంత దగ్గర్లో వాచీల గురించి మాట్లాడమన్నారు, బాగానే ఉంది. నేను మాట్లాడేది ఒక్క రకం వాచీ గురించే. ఎండతో చార్జ్ అయి, రాత్రి రేడియో సిగ్నల్ విని టైం దానంతటదే సరిచేసుకునే వాచీ. పిల్లలు అమెరికా నుంచి తెచ్చి నాన్న చేతికి పెడతారు, నాలుగు నెలలు గడిచాక నాన్న దాన్ని నా దగ్గరికి తెస్తాడు, "రిసీవర్ పోయిందేమో చూడు" అంటూ. రిసీవర్ పోయిన వాచీలు తక్కువే.

ముందు సిగ్నల్ సంగతి చూద్దాం. ఈ వాచీలు వినే స్టేషన్లు ప్రపంచం మొత్తంలో ఆరు. జపాన్‌లో రెండు, చైనా, అమెరికా, ఇంగ్లండ్, జర్మనీల్లో ఒక్కోటి. మనకు దగ్గరిది చైనాలోని షాంగ్‌చ్యూ, అది కూడా నల్లగొండకి సుమారు 4100 కిలోమీటర్లు. మాన్యువల్ తిరగేస్తే దాని సిగ్నల్ సుమారు 1500 కిలోమీటర్ల వరకే అని ఉంటుంది. అంటే వాచీని డాబా మీద పెట్టినా, కిటికీలో పెట్టినా, మన దగ్గర అది పట్టదు. ERR అని చూపిస్తే వాచీ తప్పేమీ లేదు.

ఆ సిగ్నల్‌లో మాటలుండవు, సెకనుకు ఒక్క గుర్తు మాత్రమే వస్తుంది. జపాన్ స్టేషన్‌నే తీసుకోండి. ప్రతి సెకను మొదలవగానే పవర్ పూర్తిగా లేస్తుంది. అది 0.8 సెకన్లు నిలబడితే సున్నా, 0.5 అయితే ఒకటి, 0.2 అయితే హద్దు గుర్తు. అరవై సెకన్లలో నిమిషం, గంట, ఏడాదిలో ఎన్నో రోజు, ఏ సంవత్సరం, అన్నీ వచ్చేస్తాయి. వాచీ లోపల తీగ చుట్టిన చిన్న కడ్డీ యాంటెన్నా ఉంటుంది. అది కొన్ని నిమిషాలు విని, వచ్చిన నిమిషాలు ఒకదానితో ఒకటి సరిపోతేనే నమ్ముతుంది. అందుకే సిగ్నల్ సగం సగం వచ్చినా తప్పు టైం పెట్టుకోవడం అరుదు, పెట్టుకోకుండా ఊరుకుంటుంది.

ఇప్పుడు అసలు కేసు. మిర్యాలగూడ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ వచ్చారు. కొడుకు డల్లాస్ నుంచి నవంబరులో తెచ్చిన క్యాసియో. మార్చిలో ఒక పొద్దున లేచి చూస్తే గంట ముందుకు పోయిందట. "గంట ఎట్ల పోతది తమ్మీ, నేను ముట్టనే లేదు" అన్నారు సారు. నా ఫోన్ పక్కన పెట్టి చూశాను. గంట ముందున్న మాట నిజమే, కానీ సరిగ్గా గంట కాదు, గంటకు ఓ 40 సెకన్లు తక్కువ. అక్కడే విషయం సగం తెలిసిపోయింది, ఎందుకంటే ఇవి రెండు వేర్వేరు తప్పులు.

గంట సంగతి ఇది. కొడుకు ఇచ్చినప్పుడు, ఏ ఊరి టైం చూపాలో వాచీకి చెప్పే హోమ్ సిటీ సెట్టింగ్ CHI లోనే ఉంది, అంటే షికాగో. డల్లాస్‌ది కూడా అదే టైం జోన్. సారు దాన్ని మార్చకుండా ముళ్లను మన టైంకి తిప్పుకున్నారు. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. కానీ వాచీ మాత్రం తను ఇంకా షికాగోలోనే ఉన్నాననుకుంటుంది. ఎండాకాలానికి టైం ముందుకు జరిపే DST అనేది AUTO లో ఉంది కాబట్టి, మార్చి రెండో ఆదివారం అమెరికాలో గంట ముందుకు జరిపే రోజు రాగానే క్యాలెండర్ చూసుకుని తనూ జరిపేసింది. పైగా రోజూ అర్ధరాత్రి దాటాక దొరకని సిగ్నల్ కోసం వెతుక్కుంటూ చార్జ్ ఖర్చు చేస్తోంది.

సరిచేసేటప్పుడు వరస ముఖ్యం. ఊరు ముందు, టైం తర్వాత. హోమ్ సిటీని DEL కి, అంటే ఢిల్లీకి, మార్చగానే వాచీ షికాగోకీ మనకీ మధ్య తేడా మొత్తం కలిపేస్తుంది, అంతకుముందు చేత్తో పెట్టిన టైం చెల్లాచెదురవుతుంది. కాబట్టి DEL పెట్టి, DST తీసేసి, ఆఖర్న గంటలు నిమిషాలు పెట్టాలి. సిటీ DEL అయితే చాలా మోడళ్లు సిగ్నల్ వెతకడమే మానేస్తాయి. మనకు కావలసింది అదే.

అందుకే నేనెప్పుడూ తప్పు ఎంత ఉందో ముందు చూడమంటాను. మూడున్నర గంటలు ముందుంటే వాచీ టోక్యోలో ఉంది, రెండున్నర అయితే హాంకాంగ్‌లో. డిజిటల్ అంకెలు సరిగ్గా ఉండి ముల్లు మాత్రం పక్కకు ఉంటే అయస్కాంతమో దెబ్బో తగిలింది, టైం ముట్టుకోకుండా ముళ్లను మాత్రం పన్నెండు మీదకి తెచ్చే సెట్టింగ్ వాడాలి. సెకన్లు రోజురోజుకీ కొంచెం కొంచెం పెరుగుతుంటే, అది లోపల టైం లెక్కపెట్టే క్వార్ట్జ్ క్రిస్టల్.

సారు వాచీలో 40 సెకన్లు ఆ క్వార్ట్జ్‌వే. సిగ్నల్ లేకపోతే ఇది మామూలు క్వార్ట్జ్ వాచీనే, నెలకు 15 సెకన్ల దాకా అటూ ఇటూ అవుతుందని కంపెనీయే చెబుతుంది. నాలుగు నెలలకు 60 వరకు ఓకే, 40 అంటే రోగం కాదు. అయితే మన ఎండాకాలం గురించి ఒక మాట. ఈ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర బాగా నడుస్తుంది, దానికి పైకి పోయినా కిందికి పోయినా నెమ్మదిస్తుంది. 42 డిగ్రీల గదిలో టేబుల్ మీద పడేస్తే రోజుకి సుమారు 0.8 సెకను వెనకబడుతుంది, అలాగే నెలంతా ఉంటే ఇరవై ఐదు సెకన్లు. చేతికుంటే ఒళ్లు వేడికి ముప్పై చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి నష్టం పెద్దగా ఉండదు. మే నెలలో వాచీ వెనకబడుతోందని తెచ్చేవాళ్లని నేను మొదట అడిగేది, రోజూ పెట్టుకుంటున్నారా అనే.

సెకను కూడా తేడా రావద్దనుకునేవాళ్లకి ఫోన్ దారి ఉంది. బ్లూటూత్ ఉన్న మోడల్ అయితే గొడవే లేదు. లేకపోతే జపాన్ సిగ్నల్‌ని అనుకరించే యాప్‌లున్నాయి. ఫోన్ స్పీకర్‌కి 60 కిలోహెర్ట్జ్ నేరుగా రాదు, అందుకని యాప్ 20 కిలోహెర్ట్జ్ శబ్దం పంపుతుంది. దాంతోపాటు మూడింతల దగ్గర, అంటే 60 దగ్గర, బలహీనమైన అయస్కాంత తరంగం పుడుతుంది. వాచీని స్పీకర్‌కి ఆనించి పెట్టాలి, లేదా వైరున్న ఇయర్‌ఫోన్ తీగని వాచీ చుట్టూ చుట్టాలి. వాల్యూమ్ ఫుల్. చార్జర్, టీవీ దూరంగా ఉండాలి. ముందు హోమ్ సిటీ TYO పెట్టి, చేత్తో రిసీవ్ నొక్కి, కదపకుండా కొన్ని నిమిషాలు వదిలేయండి. పట్టితే టోక్యో టైం వస్తుంది, రాత్రి 11:40 అనుకోండి. అప్పుడు DEL కి మార్చితే 8:10 అవుతుంది, సెకన్లు అలాగే నిలుస్తాయి. కొన్ని ఫోన్లలో ఎంత చేసినా పట్టదు, ఫోన్ మార్చి చూడటమే.

చార్జ్ తక్కువుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు, ఎందుకంటే సూచిక L చూపించినప్పుడు వాచీ రిసీవింగ్ ఆపేస్తుంది. డయల్ కింద పలచని సోలార్ పొర ఉంటుంది, అది చేసిన కరెంటు చిన్న చార్జింగ్ సెల్లులో చేరుతుంది. రోజు ఖర్చుకి సాధారణంగా నేరుగా ఎండలో 5 నిమిషాలు చాలు, అదే ట్యూబ్‌లైట్ కింద అయితే 8 గంటలు. అందుకని బీరువాలోనో ఫుల్ హ్యాండ్స్ చొక్కా కిందో ఉండే వాచీ మెల్లగా L కి వస్తుంది. అట్లని ఏప్రిల్ మధ్యాహ్నం కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టొద్దు, ఆ వేడికి సెల్లు పాడవుతుంది. పొద్దున కిటికీ దగ్గర పెట్టండి, ఫుల్ కావడానికి కొన్ని రోజులు పట్టినా ఫర్వాలేదు.

చివరగా రిపేర్ షాపులవాళ్లకి. సెల్లు నిజంగా పోతే, సైజు కలిసిందని మామూలు లిథియం బటన్ సెల్ వేయకండి. సోలార్ దాన్ని చార్జ్ చేయబోతుంది, అది ఉబ్బి కారి సర్క్యూట్ తినేస్తుంది. పాత సెల్లు మీద ఉన్న నంబర్ చూసి, చార్జ్ అయ్యే రకమే తెప్పించండి. ప్రశ్నలుంటే అడగండి, వాచీ తెచ్చినవాళ్లు ముందుకు రండి.