శాశ్వత భరణం: తొలి అఫిడవిట్ నుంచి సవరణ పిటిషన్ దాకా

సభకు నమస్కారం. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద, విడాకుల డిక్రీతో పాటుగానీ ఆ తరువాత ఎప్పుడైనాగానీ, భార్య అయినా భర్త అయినా శాశ్వత భరణం కోరవచ్చు. ఇద్దరి ఆదాయాలు, ఆస్తులు, నడవడిక, ఇతర పరిస్థితులు చూసి కోర్టు మొత్తాన్ని నిర్ణయిస్తుంది.

కూకట్‌పల్లిలో విడిపోయిన ఒక జంటను ఊహించుకుందాం. భర్తకు నెలకు లక్షా నలభై వేల జీతం. పన్ను, పీఎఫ్ పోగా 1,16,000 చేతికొస్తుంది. కారు లోను, పర్సనల్ లోను కలిపి 30 వేల ఈఎంఐ ఉంది కనుక తనకు మిగిలేది 86 వేలేనని ఆయన వాదన. చట్టప్రకారం తప్పనిసరిగా కోసే పన్ను, పీఎఫ్ వంటివాటిని కోర్టు మినహాయిస్తుంది కానీ, తానుగా తెచ్చుకున్న అప్పుల వాయిదాలను సాధారణంగా మినహాయించదు. నికర జీతంలో నాలుగో వంతు సబబని సుప్రీంకోర్టు 2017లో అన్నది. అయితే అది కొలమానమే తప్ప కట్టుబడి తీరవలసిన సూత్రం కాదు. ఆమె బడిలో పాఠాలు చెప్పి 22 వేలు తెచ్చుకుంటోంది, 13 వేలు అద్దెకే పోతుంది. సంపాదన ఉన్నంత మాత్రాన భరణం హక్కు పోదు, మొత్తం మాత్రం తగ్గవచ్చు. 1,16,000లో నాలుగో వంతు 29 వేలు. ఆమె జీతాన్ని లెక్కలోకి తీసుకొని 25 వేలు నిర్ణయించారనుకుందాం.

ఇక్కడే చాలామంది ఏమరపాటు పడతారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని ఆదేశించింది. ఆ కాగితం మొదటి తీర్పుకే కాదు, రేపటి సవరణకూ ఆధారం. 25(2) కింద మార్పు కోరేవారు పరిస్థితులు మారాయని చూపాలి. మారాయో లేదో తెలిసేది నాటి అంకెను నేటి అంకె పక్కన పెట్టినప్పుడే. అందువల్ల అద్దె రసీదులు, ఫీజుల రసీదులు, మందుల బిల్లులు మొదట్లోనే రికార్డులోకి ఎక్కించమని నేను గట్టిగా చెబుతాను.

నాలుగేళ్లకు భర్త మళ్లీ పెళ్లి చేసుకుని, బిడ్డ పుట్టిందని తగ్గింపు కోరాడనుకోండి. అది వినదగిన కారణమే: 2017 నాటి ఆ కేసులోనే కొత్త సంసార బాధ్యత చూసి 23 వేలను 20 వేలకు తగ్గించారు. కానీ ఈలోగా ఈయన జీతం 1,90,000 అయి, ఆమె అద్దె 18 వేలకు చేరితే, అదే సెక్షన్ కింద ఆమె పెంపు కోరవచ్చు. భరణం తప్పించుకోవడానికే ఉద్యోగం మానేశాడని తేలితే, కోర్టు అతని సంపాదన సామర్థ్యాన్నే చూస్తుంది. భరణం పొందుతున్న వ్యక్తి మళ్లీ పెళ్లి చేసుకుంటే, అవతలివారి పిటిషన్‌పై కోర్టు ఆ ఉత్తర్వును మార్చవచ్చు, రద్దూ చేయవచ్చు.

ఇదంతా నెలసరి భరణం మాట. రాజీపడి ఒకేసారి పుచ్చుకున్న మొత్తాన్ని తరువాత తిరగదోడడం చాలా కష్టం కనుక, ఏకమొత్తానికి ఒప్పుకునే ముందు అద్దె ఏటా పెరుగుతుందన్న లెక్క కూడా వేసుకోవాలి.

ఒక పొరపాటు మాత్రం తరచుగా చూస్తున్నాను. ఫోన్‌లో మాట్లాడుకుని 25 వేలకు బదులు 15 వేలు పంపుతూ రెండేళ్లు గడిపేస్తారు. ఉత్తర్వు మారలేదు కనుక నెలకు పదివేల చొప్పున 2,40,000 బకాయి పడినట్టే. ఉత్తర్వును అమలు చేయించమని ఆమె ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే, బకాయి కింద అతని జీతం అటాచ్ కావచ్చు. తగ్గింపు కోరేవారు ముందు పిటిషన్ వేసి, కొత్త ఉత్తర్వు వచ్చేవరకు పాత మొత్తాన్నే, బ్యాంకు ఖాతా ద్వారా, చెల్లిస్తూ ఉండాలి.